బ్లాక్ అండ్ వైట్ అక్కకు కొత్తగా ఏం తెలిసింది?

డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యానంటే జనం రకరకాలుగా అర్థం చేసుకుంటారు. కొందరు అరచేయి చాపి చూడమంటారు. కొందరు నడుం నొప్పికి ఆసనం అడుగుతారు. హుజూరాబాద్‌లో మా చిన్నమామ అది సైకాలజీ అనుకున్నాడు. నేను కాదని చెప్పినకొద్దీ, నాకే ఏదో ఇబ్బంది ఉందని, పైకి చెప్పుకోలేకపోతున్నానని ఆయనకు నమ్మకం కుదిరింది.

కిందటి నెల కొత్తగా లెక్చరర్లుగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. సిలబస్ ఉంది, పుస్తకాలున్నాయి, కానీ క్లాసులోకి వెళ్లి నిలబడితే ఏం చేయాలో తోచడం లేదన్నారు. వాళ్లకు చాయ్ ఇచ్చి ఏదో చెప్పి పంపాను. వాళ్లు వెళ్లాక, చెప్పవలసింది చెప్పలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ కమిటీలో సంతకం పెట్టాను అనేవి ఇందులో ఉండవు. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది. సర్వీసంతా ఒకే ఒక్క వాదాన్ని మళ్లీ మళ్లీ చెప్పాను. అది నన్ను మూడుసార్లు బాగా నవ్వులపాలు చేసింది. ఉద్యోగం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ మూడుసార్లే.

ముందు ఆ వాదం

ఒక స్త్రీ ఉంది. పుట్టినప్పటి నుంచి ఒక గదిలోనే ఉంది. ఆ గదిలో అన్నీ నలుపు, తెలుపు, మధ్యలోని బూడిద ఛాయలు. పుస్తకాలు, టీవీ కూడా అంతే. ఆమె మామూలు మనిషి కాదు, రంగుల శాస్త్రవేత్త. ఏ వస్తువు మీద పడిన వెలుతురు ఎంత తరంగదైర్ఘ్యంతో వెనక్కి వస్తుందో, కంటిలోపలి కణాలు దాన్ని ఎలా పట్టుకుంటాయో, అక్కడి నుంచి మెదడులో ఏ నరం తర్వాత ఏ నరం కదులుతుందో, చివరికి గొంతు, నాలుక ఎలా కదిలి "టమాట ఎర్రగుంది" అనే మాట బయటికి వస్తుందో, అంతా చదివేసింది. రంగు చూడడం గురించి భౌతికంగా తెలుసుకోగలిగింది ఏదీ ఆమె చదవకుండా మిగల్లేదు.

ఒకరోజు తలుపు తీశారు. ఎదురుగా పండిన టమాట. ఆమె మొదటిసారి ఎరుపు చూసింది.

ఇప్పుడు ప్రశ్న. ఆమెకు కొత్తగా ఏమైనా తెలిసిందా?

చాలామంది ఆలోచించకుండానే తెలిసిందంటారు. "ఓహో, ఎరుపు అంటే ఇలా ఉంటుందా" అనుకుంటుంది కదా అంటారు. సరే, అలా ఒప్పుకున్నారో, ఇరుక్కున్నట్టే. కొత్తగా తెలిసిందంటే అంతకుముందు ఆమెకు తెలియనిది ఒకటి ఉందన్నమాట. కానీ భౌతికమైన సంగతులన్నీ ఆమెకు అప్పటికే తెలుసు. అంటే ఆ మిగిలినది భౌతికమైన సంగతి కాదు. లోకంలో ఉన్న సంగతులన్నీ భౌతికమైనవే అని చెప్పే సిద్ధాంతాన్ని భౌతికవాదం అంటారు. అది తప్పని ఈ కథ నిరూపిస్తుందని దీన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశం. దీనికి జ్ఞాన వాదన అని పేరు.

మా పిల్లలు ఆమెకు "బ్లాక్ అండ్ వైట్ అక్క" అని పేరు పెట్టారు. పుస్తకంలో ఉన్న పేరు కంటే ఇదే నిలిచింది. పరీక్ష పేపర్లలో కూడా "అక్క గదిలో నుంచి వెళ్లి..." అని రాసేవాళ్లు. మార్కులు వేశాను. ఎందుకు వేయకూడదు?

ఆదిలాబాద్‌లో మొదటి దెబ్బ

మొదటి పోస్టింగు ఆదిలాబాద్ వైపు ఒక ప్రభుత్వ కాలేజీలో. తొమ్మిదిమంది పిల్లలు. అందులో ఏడుగురు వేరే గ్రూపులో సీటు రాక వచ్చినవాళ్లు. మిగతా ఇద్దరు దారి తప్పి వచ్చారని నా అనుమానం. ఎలాగైనా ఆకట్టుకోవాలని బ్లాక్ అండ్ వైట్ కథ ఎత్తుకున్నాను. బాగా చెప్పాననే అనుకుంటున్నాను. చెప్పి, నాటకంలోలా కొంచెం ఆగాను.

ముందు బెంచీలో సావిత్రి అనే అమ్మాయి లేచింది. ఉట్నూరు అవతలి నుంచి వచ్చేది. చాలా నెమ్మదస్తురాలు. అప్పటిదాకా ఆమె గొంతు నేను వినలేదు.

"మేడం, మరి ఆమెకు ముట్టు రాదా?"

ఆడపిల్లలు పుస్తకాల వెనక్కి తలలు దించారు. మగపిల్లలు కిటికీ బయట ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు అటు చూశారు. నేనూ ఆడదాన్నే, ఈ కథ పది పుస్తకాల్లో చదివాను, నాకెప్పుడూ ఆ సందేహం రాలేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్లకు రాకపోవడంలో వింతేం లేదు.

దాని వెంట మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. పెదాలు ఎరుపు కదా అని ఒకరు. దోమ కుడితే గోక్కుంటే రక్తం రాదా అని ఒకరు. కళ్లు గట్టిగా నలుపుకుంటే రంగురంగుల చుక్కలు కనపడతాయి కదా అని ఇంకొకరు. నేను అక్క చేతులకు గ్లవ్స్ వేశాను, అద్దాలు తీసేయించాను, పెదాలకు నల్లరంగు పూశాను. గంట కొట్టేసరికి మా అక్క ఒక దెయ్యంలా తయారైంది. వాదం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ రాత్రంతా ఆలోచిస్తే గానీ తెలివి రాలేదు. కథ వేరు, వాదం వేరు. పుట్టుక నుంచే ఆమె కంటికి రంగు అందకుండా చేసే కళ్లద్దాలు పెట్టారనుకోండి, సావిత్రి ప్రశ్నకు జవాబైపోయింది. వాదంలో ఒక్క అక్షరం మారలేదు. వాదానికి కావలసినవి రెండే మాటలు. ఒకటి, ఆమెకు భౌతికమైన సంగతులన్నీ తెలుసు. రెండు, అయినా రంగు చూశాక కొత్తది తెలిసింది. ఈ రెండింటిలో ఒకదాన్ని పడగొట్టాలి, లేదా రెండూ నిజమైనా అందులోంచి ఆ ముగింపు రాదని చూపించాలి. అంతేగానీ గది గోడకు కన్నం పెడితే లాభం లేదు.

మరునాడు క్లాసులో సావిత్రికి కళ్లద్దాల సంగతి చెప్పి, నాకు రాని ఆలోచన నీకొచ్చింది అన్నాను. ఆమె కూర్చుని నోట్సు రాసుకుంది. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పిల్లలు కథలో తప్పు పడితే కోప్పడకండి, కథ సరిచేసి ఇవ్వండి. తర్వాత వాదంలో తప్పు పట్టమనండి.

ఫిజిక్స్ వాళ్లతో రాజీ

సర్వీసులో చివరి పదేళ్లు మందమర్రి పక్కన బొగ్గు గనుల ఊళ్లో గడిచాయి. కాలేజీ పేరు చెప్పను. అక్కడి ప్రిన్సిపాల్ రాజేశం సారు జువాలజీ మనిషి. మంచివాడు. చెప్పేది సగం విని నిర్ణయం తీసుకోవడం ఆయన పద్ధతి. అందువల్ల ఆయన దగ్గర పనులు చాలా త్వరగా జరిగేవి.

ఒకరోజు అటెండర్ వచ్చి ప్రిన్సిపాల్ పిలుస్తున్నారన్నాడు. వెళ్లేసరికి ఫిజిక్స్ లెక్చరర్ మల్లేశం ముఖం ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. నేను బోర్డు మీద "భౌతికవాదం తప్పు" అని రాసి తుడవకుండా వచ్చానట. తర్వాతి పీరియడ్ ఆయనది. భౌతికశాస్త్రం తప్పని క్లాసులో చెబుతున్నానని ఆయన ఫిర్యాదు.

"మనం మనం కొలీగ్స్ మేడం. డిపార్ట్‌మెంట్ల నడుమ గిసుంటియి వద్దు," అన్నారు రాజేశం సారు. రాజీకి చాయ్ కూడా తెప్పించి పెట్టారు.

భౌతికశాస్త్రం వేరు, భౌతికవాదం వేరు అని నేను వివరించాను. జ్ఞాన వాదన ఫిజిక్స్‌లో ఒక్క సూత్రాన్ని కూడా తప్పనదు. నిజానికి అక్కకు ఫిజిక్స్ అంతా వచ్చు, అందులో ఉన్నదంతా నిజమే. మల్లేశం సారు కంటే ఆమెకే ఎక్కువ వచ్చు. (ఈ మాట అనకుండా ఉండాల్సింది.) వాదం అడిగేదల్లా ఒక్కటే. ఫిజిక్స్ పుస్తకం పూర్తయిన తర్వాత చెప్పడానికి ఇంకేమైనా మిగిలిందా, లేదా? ఏమీ మిగలదనేది భౌతికవాదం. అది ఫిజిక్స్‌లో పాఠం కాదు, ఫిజిక్స్ గురించి ఒక అభిప్రాయం.

మల్లేశం చాయ్ తాగుతూ ఆలోచించాడు. ఆయన తెలివైనవాడు, కోపం పోతే మంచి ప్రశ్న వేస్తాడు. "మరి ఆ మిగిలిందేదో ఏమన్న పని చేస్తదా మేడం? చేతిని లేపుతదా, మాట్లాడిస్తదా?" అని అడిగాడు. ఈ వాదాన్ని మొదట పెట్టిన తత్వవేత్త, ఆ మిగిలినది భౌతిక లోకంలో ఏ పనీ చేయదని, ఊరికే వెంట ఉంటుందని అన్నాడని చెప్పాను.

"అట్లయితే ఆమె నోట్లకెళ్లి వచ్చిన ఓహో అన్న మాట కూడ మెదడు పనేనాయె. ఆ మిగిలిందానితోని రాలేదు. మరి ఆ ఓహోను సాక్ష్యం కింద ఎట్ల పెడ్తరు?"

ఆ తత్వవేత్తను సరిగ్గా అలాంటి ఆలోచనే చాలా ఏళ్లు పీకింది. చివరికి ఆయన తన వాదాన్ని తానే వదిలేసి అవతలి పక్షానికి వెళ్లాడు. మల్లేశం అక్కడికి ఒక చాయ్ వ్యవధిలో చేరాడు. ఆయన్ని అభినందించాను. మా ఇద్దరికీ ఆ రోజు నుంచి స్నేహం.

రాజేశం సారు మాత్రం ఇంకెక్కడో ఉన్నారు. "అంటే మేడం, శరీరం కాక ఇంకోటున్నట్టేగద. ఆత్మ ప్రూవైంది," అన్నారు. కాలేదు సార్ అన్నాను. ఈ వాదం గెలిచినా తేలేది, అనుభవంలో భౌతికం కాని ఒక గుణం ఉందని మాత్రమే. శరీరం పోయాక ఏదో మిగులుతుందని గానీ, అది ఎక్కడికో వెళుతుందని గానీ తేలదు. ఆయన తల ఊపుతూ విన్నారు. నేను గది దాటకముందే దీని మీద కాలేజీలో సెమినార్‌కు తేదీ ఖాయం చేశారు. ధర్మపురి నుంచి ప్రవచనం చెప్పే ఒకరిని పిలుద్దామన్నారు. బతిమాలి ఆపి, యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్‌ను పిలిపించుకున్నాను.

ఓదెలు

ఆ ఏడు మా మూడో సంవత్సరం క్లాసులో ఓదెలు ఉన్నాడు. తండ్రి గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. తల్లి రాజవ్వ బజారులో మ్యాచింగ్ సెంటర్ నడిపేది. చీరకు తగ్గ జాకెట్టు గుడ్డ, ఫాల్, లైనింగ్ అమ్మే కొట్టు. అక్కడ నేనూ గుడ్డ కొనేదాన్ని. ఓదెలు పొడుగ్గా ఉండేవాడు, వాదనకు ఎప్పుడూ సిద్ధం. నేను అక్క కథ చెప్పిన రోజే లేచాడు.

"అన్నీ తెలిసినంక కొత్తగ ఏం తెలుస్తది మేడం? తెలిసిందంటున్నరంటే అన్నీ తెల్వలేదన్నట్టు."

ఇది చాలా గట్టి జవాబు. అన్నీ అనే మాటను మనం తేలిగ్గా అనేస్తాం, నిజంగా ఊహించం. ఎవరైనా అక్కను ఏమార్చడానికి పండుమిరపకాయకు నీలం రంగు వేసి చేతిలో పెడితే, తన మెదడులో ఏం కదులుతోందో లెక్క కట్టి, ఇది మిరపకాయకు ఉండాల్సిన రంగు కాదని ఆమె వెంటనే పట్టేస్తుందని ఈ పక్షం వాళ్లంటారు. మనకు అలా అనిపించకపోతే అది మన ఊహ పేదరికం, అంతే.

నేను ఒప్పుకోలేదు. వారం తర్వాత ఇంకోటి తెచ్చాడు. బయటికొచ్చిన అక్కకు వచ్చింది సంగతి కాదు, నేర్పు. సైకిల్ గురించి పుస్తకమంతా చదివినవాడు మొదటిసారి తొక్కితే అతనికి సైకిల్ గురించి కొత్త సంగతేమీ తెలియదు, తొక్కడం వస్తుంది. అలాగే ఆమెకు ఎరుపును గుర్తుపట్టడం, మనసులో ఊహించుకోవడం, జ్ఞాపకం చేసుకోవడం వచ్చాయి. కొత్త సంగతి లేదు కాబట్టి భౌతికవాదానికి వచ్చిన నష్టం లేదు. ఆ తర్వాత ఇంకోటి. సంగతి పాతదే, ముఖం కొత్తది. రాజవ్వ అనే మనిషి తెలిసినవాడికి మ్యాచింగ్ సెంటర్ ఆమె ఎవరో తెలియకపోవచ్చు. ఇద్దరూ ఒకరేనని తెలిసినప్పుడు లోకంలో కొత్త మనిషి పుట్టలేదు కదా.

ఇలా వారానికొక జవాబు తెచ్చేవాడు. వీడికి దీని మీద ఇంత పట్టుదల ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. చదువంటే ఇష్టమనుకుని మురిసిపోయాను.

సెమినార్‌కు పది రోజుల ముందు స్టాఫ్ రూముకు వచ్చాడు. ఎవరూ లేరని చూసుకుని చెప్పాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ లారీ నడిపే ఉద్యోగానికి మెడికల్‌కు వెళ్లాడట. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాచిన పుస్తకం ఒకటి చూపిస్తారు. అందులో పోయింది. ఎరుపు, ఆకుపచ్చ అతనికి సరిగ్గా విడిపడవు. ఆ సంగతి చిన్నప్పటి నుంచే తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఫోనులో ఆ పుస్తకం ఫొటోలు సంపాదించి, ఏ పేజీలో ఏ అంకె ఉంటుందో ఎక్కాల్లా బట్టీ పట్టాడు. డాక్టరు పుస్తకం మధ్యలో తెరిచి, వెనక నుంచి ముందుకు తిప్పాడట. మొదటి నాలుగు పేజీలూ తడుముకోకుండా తప్పు చెప్పాడు.

నాకు నవ్వొచ్చింది. వాడూ నవ్వాడు. కానీ తల్లికి లిస్టు ఇంకా రాలేదని చెప్పానన్నప్పుడు నవ్వలేదు. చిన్నప్పటి నుంచి కొట్టులో ఈ రంగు తెమ్మంటే ఆ రంగు తెచ్చాడని ఆమె తిట్టేది, కొట్టేది. పని ఎగ్గొట్టడానికే అలా చేస్తున్నాడని ఆమె నమ్మకం. "మీతోనే చెప్తున్న మేడం," అన్నాడు.

నేను చేసిన తప్పు

సెమినార్ నాటికి హాలు నింపడం కోసం రాజేశం సారు ఒక ఉపాయం చేశారు. హాజరు తక్కువైన పిల్లల తల్లిదండ్రులను అదే రోజు రమ్మని ఉత్తరాలు పంపారు. మెడికల్, సర్టిఫికెట్లు అంటూ తిరిగిన ఓదెలుకు హాజరు తక్కువైంది. రాజవ్వ మూడో వరసలో చేతి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది నేను గమనించలేదు. ప్రొఫెసర్ ముందు బాగా చెప్పాలన్న ఆరాటంలో ఉన్నాను.

చుక్కల బొమ్మ ఒకటి రంగుల్లో పెద్దగా ప్రింటు తీయించి అట్టకు అంటించి తెచ్చాను. వాదం చెప్పాను. చెప్పి, ఇది ఊరికే కథ కాదు, ఈ హాల్లోనే రుజువు ఉంది అన్నాను. రంగుల శాస్త్రం నాకంటే బాగా చదివిన విద్యార్థి ఒకడున్నాడు, ఈ బొమ్మలన్నీ కంఠతా వచ్చు, అయినా మెడికల్‌లో ఇందులోని అంకె చెప్పలేకపోయాడు, ఎందుకంటే అతనికి ఎరుపు తెలియదు అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పలేదన్నది ఇప్పటికీ ఒక సమర్థనగా నాలో నేను అనుకుంటూ ఉంటాను. డంపర్ మెడికల్‌కు మా కాలేజీ నుంచి వెళ్లింది ఒక్కడే. హాల్లో తలలన్నీ ఒకవైపు తిరిగాయి. రాజవ్వ తల అందరికంటే చివర తిరిగింది.

ఓదెలు లేచి వచ్చాడు. నన్ను చూడలేదు. మెడికల్ పోయినప్పటి నుంచి జేబులో పెట్టుకు తిరుగుతున్న ఎర్రటి ప్లాస్టిక్ షీటు ముక్క తీశాడు. ఫైలు కవరు కత్తిరించింది. దాన్ని కళ్లకు అడ్డం పెట్టుకుని అట్ట వంక చూసి, "ఏడు," అన్నాడు. సరైన అంకె.

"ఇప్పుడు అంకె చెప్పిన. డాక్టరు ముందట గిట్లనే చెప్తే పాసయ్యేటోణ్ణి. గీ కవరు పెడితే ఎర్రచుక్కలు తెల్లగైతయి, పచ్చచుక్కలు నల్లగైతయి. దాన్నిబట్టి అంకె తెలుస్తది. ఎరుపు ఎట్లుంటదో నాకిప్పుడు తెలిసిందా? తెల్వలే. ఒక మిషన్ పెట్టినా అంకె చెప్తది. అంకె చెప్పుడు వేరు మేడం, ఎరుపు తెలుసుడు వేరు. మీరు రెండూ కలిపిండ్రు."

కవరు ముక్క మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకోటి. ఆ అక్కకు అన్నీ తెలుసు. కన్ను కూడ మంచిదే. నాకు అన్నీ తెల్వయి, కన్ను కూడ సక్కగ లేదు. నా కంట్ల ఒక తీరు కణాలు తేడాగున్నయి. గది ఫిజిక్సే. నేను ఫెయిలైతే అందుల ఫిజిక్స్ ఓడింది ఏడుంది?"

అట్టను మడిచి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. మల్లేశం చప్పట్లు కొట్టబోయి, నా ముఖం చూసి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

వాడు అన్న ప్రతి మాటా నిజం. జ్ఞాన వాదనకు ఉదాహరణగా రంగు అంధత్వాన్ని చూపించడం మా వృత్తిలో అందరూ చేసే తప్పు, దయచేసి మీరు చేయకండి. ఆ పరీక్ష కొలిచేది రెండు వెలుతురులను విడదీయగల సామర్థ్యం. అది కంటి కణాల పని, భౌతికవాదికి దానితో ఏ చిక్కూ లేదు. తమాషా ఏమిటంటే, నా రుజువును పడగొడుతూ వాడు నా వాదానికే పదును పెట్టాడు. గుర్తుపట్టగలిగినా ఎరుపు ఎలా ఉంటుందో తెలియకుండా ఉండవచ్చని కళ్లముందు చూపించాడు. అక్కకు వచ్చింది గుర్తుపట్టే నేర్పే అని వాడు క్లాసులో అన్న జవాబుకు అది ఒక కాలు విరగ్గొట్టింది. ఊహించుకోవడమనే కాలు మిగిలే ఉందని ఆ పక్షం వాళ్లంటారు, అనవచ్చు. ప్రొఫెసర్ గారు ఇవన్నీ తన ప్రసంగంలో చక్కగా విడదీసి చెప్పారు. నేను సగం కూడా వినలేదు. మూడో వరసలో సంచి లేదు, మనిషీ లేదు.

కొట్టులో

మూడు రోజులు ధైర్యం చాలలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లాను. రాజవ్వ ఫాల్ కొలుస్తోంది. ఓదెలు లోపల స్టూలు మీద కూర్చుని గుడ్డ తానులకు చీటీలు అంటిస్తున్నాడు. ఒక్కో చీటీ మీద రంగు పేరు రాసి ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

తప్పైపోయిందని చెప్పాను. నమ్మి చెప్పిన మాటను నలుగురి ముందు పెట్టాను, పైగా తప్పుగా పెట్టాను అన్నాను. రెండోది వాడికి ఎక్కువ నచ్చినట్టుంది. "లాజిక్ తప్పు మేడం, గంతే," అని కుర్చీ తెచ్చి వేశాడు. (ఇప్పుడు వాడు ఆదిలాబాద్ దగ్గర ఒక బడిలో సోషల్ టీచరు. మ్యాపులో రంగులు చెప్పకుండా, రాష్ట్రాలన్నీ ఆకారాన్ని బట్టి గుర్తుపట్టేలా నేర్పుతాడట. పిల్లలకు పేర్లు లేని గుడ్డి మ్యాపు ఇచ్చినా గుర్తులు పెట్టేస్తారని చెప్పుకుని మురుస్తాడు.)

రాజవ్వ నా వంక చూడకుండానే కొలుస్తూ అడిగింది. "మీరు సదువుకున్నోళ్లు గద మేడం. నా ఎరుపు వీనికి ఎట్ల కనవడ్తది?"

ఫోనులో ఒక యాప్ ఉంటుందని చెప్పాను. కెమెరా దేని మీద పెడితే దాన్ని అలాంటి కళ్లకు తోచే తీరుగా మార్చి చూపిస్తుంది. నా ఫోను ఆమె చేతికిచ్చాను. ఆమె అరలన్నీ వరసగా చూసింది. ఎర్ర తానులు, ఆకుపచ్చ తానులు, చిలకపచ్చ, కుంకుమరంగు, అన్నీ ఒకటే ఆవాల రంగులోకి, బురద రంగులోకి దిగిపోయాయి. నీలం ఒక్కటే నిలబడింది. చాలాసేపు చూసింది. ఫోను దించి మామూలు కళ్లతో చూసి, మళ్లీ ఫోనులో చూసింది.

"వీపు మీద కట్టెతోని కొట్టిన," అంది. నాతో అనలేదు, తానులతో అన్నట్టుంది.

నేను నా వృత్తి మానుకోలేకపోయాను. ఫోను చెప్పేది కూడా పూర్తి నిజం కాదన్నాను. ఏ రంగూ ఏ రంగూ కలిసిపోతాయో అది చూపించగలదు. ఆ కలిసిన రంగు మీ కంటికి ఇలా ఉంటుంది, వాడికి ఎలా ఉంటుందో అది చెప్పలేదు. వాడి కంటి గురించి, మెదడు గురించి మొత్తం చదివినా ఆ ఒక్కటి అందుతుందా, అందదా అనేదే ఇన్నేళ్లుగా నేను చెప్పే పాఠం అన్నాను. ఏం పాఠమో చెప్పమంది. ఫాల్ కొలుస్తూ అక్క కథంతా వింది. ఓదెలు మధ్యలో రెండుసార్లు దిద్దాడు.

కథ అయిపోయాక రాజవ్వ కత్తెర పక్కన పెట్టింది.

"టమాట చూసినంక ఆమెకు టమాట గురించి తెల్వలే మేడం. బయటున్నోళ్లకు గన్ని రోజులు ఏం కనవడ్డదో, గది తెలిసింది."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఈ వాదానికి పిల్లలు ఎప్పుడూ చెప్పే అడ్డు ఒకటుంది. అక్క ఎరుపు చూడడమనేది అప్పుడే ఆమె మెదడులో జరిగిన కొత్త సంఘటన, అంతకుముందు అది లేనేలేదు, లేనిదాన్ని ముందే తెలుసుకోలేదని తప్పు పట్టడమేమిటి అంటారు. దానికి సరైన జవాబు రాజవ్వ చెప్పిందే. ఆమె గదిలో ఉన్నంతకాలమూ బయటివాళ్లు ఎరుపు చూస్తూనే ఉన్నారు. వాళ్లకు ఎలా ఉందన్నది అప్పుడూ ఉన్న సంగతే. వాళ్ల గురించి భౌతికమైనదంతా చదివిన మనిషికి ఆ సంగతి తెలియలేదు. తన గురించి కాదు, ఇతరుల గురించి తెలియలేదు. వాదం బలమంతా అక్కడే ఉంది. నేను ఆ మాటను అంత సూటిగా ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను.

ఇంతకీ ఈ వాదం భౌతికవాదాన్ని ఓడించిందా అని నన్ను అడిగితే, నాకు ఇప్పటికీ తేలలేదు. సోమవారం అనిపిస్తుంది, గురువారానికి మల్లేశం ప్రశ్న గుర్తొచ్చి అనిపించదు. తేలిందని పిల్లలకు చెప్పకండి. తేలలేదని చెప్పడానికి సిగ్గుపడకండి.

ఓదెలు మాత్రం ఊరుకునే రకం కాదు. చీటీ మీద గమ్ము రాస్తూ తల్లితో అన్నాడు. "గట్లయితే నాకేం కనవడ్తదో నీకిప్పటికి తెల్వదన్నట్టేనాయె."

"తెల్వదు," అంది రాజవ్వ. "అందుకే అడుగుతున్న. చెప్పు."

వాడు ఏదో వాదన అందుకోబోయి ఆగాడు. తల్లి చేతులు ఖాళీగా ఉండడం వాడు ఎప్పుడూ చూసి ఉండడు. స్టూలు ఆమె పక్కకు జరుపుకున్నాడు. పై అరలో మొదటి తాను చూపించి, అది తనకు ఎలా ఉంటుందో, దేనిలా ఉంటుందో వెతుక్కుంటూ చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడే చీరలు పట్టుకుని ఇద్దరాడవాళ్లు వచ్చారు. రాజవ్వ వాళ్లను కూర్చోమని చేత్తోనే సైగ చేసింది. నేను లేచి నా కుర్చీ వాళ్లకిచ్చి, చప్పుడు కాకుండా మెట్లు దిగాను. వాడు అప్పటికి రెండో తాను దగ్గరికి వచ్చాడు.